కోణాలు కూడితే వైశాల్యం: గోళం మీది బహుభుజికి గోళీయ ఆధిక్యం

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ పూట ఒకే ఒక్క సూత్రం మీద మాట్లాడతాను. గోళం మీద ఒక బహుభుజి గీశాం. దాని శీర్షాల దగ్గరి కోణాలు మనకు తెలుసు. భుజాల పొడవులు తెలియవు, అవసరం కూడా లేదు. ఆ కోణాలతోనే వైశాల్యం వచ్చేస్తుంది:

```
E = (θ1 + θ2 + ... + θn) − (n − 2)·π
A = E · R²
```

θలు లోపలి కోణాలు, రేడియన్లలో. R గోళ వ్యాసార్ధం. E పేరు గోళీయ ఆధిక్యం. అదే n భుజాల బహుభుజిని కాగితం మీద గీస్తే కోణాల మొత్తం సరిగ్గా (n − 2)·π ఉంటుంది. గోళం మీద దానికంటే ఎంత ఎక్కువ వచ్చిందో అదే ఆధిక్యం.

సమతలంలో ఇలాంటిది కుదరదు. అక్కడ త్రిభుజాన్ని రెట్టింపు పెద్దది చేసినా కోణాలు మారవు, కాబట్టి కోణాలను చూసి వైశాల్యం చెప్పలేం. గోళం మీద పరిమాణం మారితే కోణాలు మారక తప్పదు. త్రిభుజానికి ఈ ఫలితాన్ని థామస్ హారియట్ 1603లోనే కనుక్కున్నాడు, కానీ అచ్చు వేయలేదు. 1629లో ఆల్బర్ట్ జిరార్డ్ ప్రచురించాడు. అందుకే జిరార్డ్ సిద్ధాంతం అంటున్నాం.

ఎందుకు నిజమో ముందు చూద్దాం. గోళ కేంద్రం గుండా పోయే తలం గోళాన్ని కోస్తే వచ్చే వృత్తమే మహావృత్తం. గోళం మీద రెండు మహావృత్తాలు ఎక్కడ ఖండించుకున్నా, సరిగ్గా ఎదురు బిందువు దగ్గర మళ్లీ ఖండించుకుంటాయి. వాటి మధ్య పడే ముక్కను లూన్ అంటారు. దాని కోణం α అయితే వైశాల్యం 2αR². పూర్తి గోళం 4πR² కదా, 2π కోణంలో α వంతు తీసుకున్నాం, అంతే. ఇప్పుడు త్రిభుజం తీసుకోండి. ఒక్కో శీర్షం దగ్గర రెండు లూన్‌లు ఎదురెదురుగా ఏర్పడతాయి. మూడు శీర్షాలకు మొత్తం ఆరు. ఈ ఆరూ కలిసి గోళాన్నంతా కప్పేస్తాయి. అయితే మన త్రిభుజాన్ని మూడు సార్లు కప్పుతాయి, గోళానికి అవతలి వైపున్న దాని ప్రతిబింబాన్ని కూడా మూడు సార్లు. అంటే ఒక్కొక్కటి రెండేసి సార్లు అదనం. కాబట్టి 4(α + β + γ)R² = 4πR² + 4A. నాలుగుతో భాగించి సర్దితే A = (α + β + γ − π)R². బహుభుజిని కర్ణాలతో n − 2 త్రిభుజాలుగా కోసి కూడితే పైన రాసిన సూత్రం వస్తుంది.

ఇందులో ఒక షరతు దాగి ఉంది, దాన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. ప్రతి భుజమూ మహావృత్తపు చాపమే అయి ఉండాలి. దీని సంగతి కాసేపట్లో అంకెలతో చూద్దాం.

సూత్రం ఇంత చిన్నది కాబట్టి పని అయిపోయిందనుకుంటాం. నిజానికి పని మొదలయ్యేది కోణాల దగ్గర. మనకు చేతికొచ్చేవి సాధారణంగా అక్షాంశ రేఖాంశాలు. వాటి నుంచి ప్రతి శీర్షం దగ్గర లోపలి కోణం రాబట్టాలి. దీనికి నేను సదిశల దారినే సిఫారసు చేస్తాను. దిగంశాలు, అంటే ఉత్తరం నుంచి కొలిచే దిశా కోణాలు, లెక్కగట్టి తీసివేసే దారి కూడా ఉంది, కానీ ధ్రువం మీద శీర్షం ఉంటే దిగంశానికి అర్థం ఉండదు, అక్కడ ప్రత్యేకంగా చూసుకోవాల్సి వస్తుంది. సదిశలకు ధ్రువమూ, 180 డిగ్రీల రేఖాంశమూ మిగతా చోట్ల లాంటివే. బహుభుజి ధ్రువాన్ని చుట్టి వచ్చినా సరే, ఏ సవరణా కలపక్కర్లేదు.

అక్షాంశం φ, రేఖాంశం λ ఉన్న బిందువుకు ఏకాంక సదిశ (cos φ cos λ, cos φ sin λ, sin φ). శీర్షం v, దానికి ముందు శీర్షం u, తర్వాతి శీర్షం w అనుకోండి. v దగ్గర నిలబడి w వైపు చూసి, అక్కడి నుంచి అపసవ్య దిశలో u వైపు తిరిగితే ఎంత తిరిగామో అదే లోపలి కోణం. శీర్షాలను గోళం బయటి నుంచి చూసినప్పుడు అపసవ్య దిశలో, అంటే లోపలి భాగం ఎప్పుడూ ఎడమ చేతి వైపు ఉండేలా వరుసగా ఇచ్చామనుకుంటే ఇది నిజం. లెక్కలో ఇలా:

```
y = v · (w × u)
x = w·u − (v·w)(v·u)
θ = atan2(y, x),  θ < 0 అయితే θ + 2π
```

చివరి ముక్కను దయచేసి గమనించండి. చాలామంది arccos వాడతారు. పాఠ్యపుస్తకాల్లో గోళీయ కొసైన్ సూత్రం ఉంటుంది, అది arccosతోనే ముగుస్తుంది. త్రిభుజానికి అది చాలు. బహుభుజికి చాలదు, ఎందుకంటే arccos 0 నుంచి 180 డిగ్రీల లోపే జవాబిస్తుంది. లోపలికి నొక్కుకుపోయిన శీర్షం దగ్గర కోణం 180 దాటుతుంది. అది ఆ ఫంక్షన్ నుంచి ఎప్పటికీ రాదు.

కాగితం మీద సరిచూసుకోగల ఉదాహరణ ఒకటి తీసుకుందాం. భూమధ్యరేఖ మీద 0 డిగ్రీల రేఖాంశం దగ్గర A, 90 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర B, ఉత్తర ధ్రువం P. ఈ మూడూ కలిపితే గోళంలో ఎనిమిదో వంతు. మూడు కోణాలూ 90, మొత్తం 270, ఆధిక్యం 90 డిగ్రీలు, అంటే π/2. వైశాల్యం πR²/2. గోళం 4πR² కాబట్టి ఎనిమిదో వంతు సరిపోయింది.

ఇప్పుడు ఈ త్రిభుజం సరిగ్గా మధ్యలో D పెడదాం. సదిశగా (1, 1, 1)/√3, అక్షాంశంగా 35.26 డిగ్రీలు, రేఖాంశంగా 45. B నుంచి నేరుగా Pకి వెళ్లకుండా D మీదుగా వెళ్దాం. అప్పుడు A, B, D, P అనే నొక్కు పడ్డ చతుర్భుజం వస్తుంది. సౌష్ఠవం వల్ల D నుంచి మూడు మూలలకు గీసిన చాపాలు త్రిభుజాన్ని మూడు సమాన ముక్కలు చేస్తాయి. అందులో ఒక ముక్కను తీసేశాం కాబట్టి మిగిలింది మూడింట రెండు వంతులు. ఆధిక్యం 60 డిగ్రీలు రావాలి.

D దగ్గర లెక్క చూడండి. u = B = (0, 1, 0), w = P = (0, 0, 1). w × u = (−1, 0, 0). దాన్ని vతో బిందు లబ్ధం చేస్తే y = −0.577. w·u సున్నా, v·w, v·u రెండూ 0.577, కాబట్టి x = −0.333. atan2 విలువ −120 డిగ్రీలు, 360 కలిపితే 240. మిగతా కోణాలు A దగ్గర 90, B దగ్గర 45, P దగ్గర 45. మొత్తం 420, అందులోంచి 360 పోతే 60. సరిగ్గా అంతే. arccos వాడి ఉంటే D దగ్గర 120 వచ్చేది, మొత్తం 300, ఆధిక్యం మైనస్ 60. రుణ వైశాల్యం కనిపిస్తే వెంటనే పట్టేస్తాం. కానీ నొక్కు తక్కువగా ఉండి, కోణం 185 ఉండాల్సిన చోట 175 వస్తే? బహుభుజి పెద్దదైతే జవాబు ధనంగానే, నమ్మేలాగానే ఉంటుంది, పది డిగ్రీల ఆధిక్యం మాత్రం మాయమైపోతుంది. భూమి మీద పది డిగ్రీలంటే 70 లక్షల చదరపు కిలోమీటర్లు.

శీర్షాల వరుసను తిరగేస్తే ఏమవుతుంది? ప్రతి θ స్థానంలో 2π − θ వస్తుంది. సూత్రంలో పెట్టి సర్దితే కొత్త ఆధిక్యం 4π − E. అంటే బహుభుజి బయట ఉన్న మిగతా గోళమంతా వస్తుంది. ఇది తప్పు కాదు. గోళం మీద గీసిన మూసిన గీతకు రెండు వైపులా పరిమిత ప్రాంతాలే కాబట్టి ఏది లోపలో వరుసే చెప్పాలి. మీ దేశమో సరస్సో 50 కోట్ల చదరపు కిలోమీటర్లకు పైగా ఉందని జవాబొస్తే వరుస తిరగబడిందని అర్థం. డేటా మీద నమ్మకం లేనప్పుడు E, 4π − E రెండింట్లో చిన్నది తీసుకోవడం మామూలే. అర్ధగోళం కంటే పెద్ద ప్రాంతాలు మీ పనిలో రావని తెలిస్తేనే అలా చేయండి.

ఇంకో తప్పు డేటా రూపం వల్ల వస్తుంది. చాలా ఫైళ్లలో గీతను మూయడానికి మొదటి శీర్షాన్నే చివర మళ్లీ రాస్తారు. దాన్ని తీసేయకుండా లెక్కలో పెడితే n ఒకటి పెరుగుతుంది, సూత్రం అదనంగా 180 తీసేస్తుంది. పైగా ఒకే చోట ఉన్న రెండు శీర్షాల మధ్య దిశ ఉండదు కాబట్టి అక్కడి కోణాలకు అర్థం పోతుంది. ప్రోగ్రాం 0 అనో 180 అనో ఏదో ఒకటి ఇస్తుంది. మన ఎనిమిదో వంతు త్రిభుజంలో A రెండు సార్లు వచ్చి ఆ రెండు కోణాలూ 0 అయ్యాయనుకోండి. 180 − 360, ఆధిక్యం మైనస్ 180. కాబట్టి ముందుగా పక్కపక్కన ఉన్న నకలు శీర్షాలను తీసేయాలి. భుజం మధ్యలో, చాపం మీదే పడిన అదనపు శీర్షంతో మాత్రం ఇబ్బంది లేదు. దాని కోణం 180, n పెరిగినందుకు తీసేది కూడా 180.

ఇప్పుడు మహావృత్తాల షరతు సంగతి. శీర్షాలు (0, 0), (0, 60), (45, 60), (45, 0) తీసుకుందాం, మొదటిది అక్షాంశం, రెండోది తూర్పు రేఖాంశం. పటం మీద ఇది దీర్ఘచతురస్రంలా కనిపిస్తుంది. కింది రెండు కోణాలు 90. పైన చాపం 45వ అక్షాంశ వృత్తం వెంబడి వెళ్లదు. మహావృత్తం కాబట్టి ఉత్తరానికి ఉబ్బి, మధ్యలో 49.1 డిగ్రీల అక్షాంశం దాకా పోయి వస్తుంది. అందుకే పై కోణాలు 90 కాకుండా 112.2077 డిగ్రీలు. మొత్తం 404.4153, ఆధిక్యం 44.4153 డిగ్రీలు, అంటే 0.775193 రేడియన్లు. R = 6371 కి.మీ. అనుకుంటే R² = 4,05,89,641. వైశాల్యం సుమారు 3,14,64,800 చదరపు కిలోమీటర్లు.

మీ మనసులో ఉన్నది పై అంచు 45వ అక్షాంశ వృత్తమే అయితే, అసలు వైశాల్యం R² × (π/3) × sin 45°, అంటే సుమారు 3,00,55,800. తేడా 14 లక్షల చదరపు కిలోమీటర్లు. ఇక్కడ సూత్రం తప్పు చేయలేదు, మనం వేరే ఆకారానికి వైశాల్యం అడిగాం. అక్షాంశ వృత్తం వెంబడి పోయే సరిహద్దుకు మధ్యలో శీర్షాలు చేర్చాలి. ఈ అంచులో డిగ్రీకొకటి చొప్పున చేర్చి 60 ముక్కలు చేస్తే తేడా 14 లక్షల నుంచి సుమారు 380 చదరపు కిలోమీటర్లకు పడిపోతుంది. ముక్కల సంఖ్య రెట్టింపు చేస్తే తేడా నాలుగో వంతు అవుతుంది. ఎన్ని ముక్కలు చాలో దీన్నిబట్టి ముందే తేల్చుకోవచ్చు.

ఇక చిన్న బహుభుజుల సమస్య. నా దృష్టిలో ఈ పద్ధతిలో అన్నిటికంటే తెలుసుకోదగ్గది ఇదే. ఒక సెకను ఆధిక్యం, అంటే డిగ్రీలో 3600వ వంతు, భూమి మీద సుమారు 197 చదరపు కిలోమీటర్లకు సమానం. గౌస్ సర్వేలో ప్రసిద్ధమైన పెద్ద త్రిభుజం ఉంది, భుజాలు సుమారు 69, 85, 107 కిలోమీటర్లు. దాని ఆధిక్యం 15 సెకన్లు కూడా లేదు. కోణాలను పరికరంతో కొలిచి వైశాల్యం తేల్చే పని ఎందుకు కుదరదో దీంతో అర్థమవుతుంది. మొత్తంలో ఒక్క సెకను పొరపాటుకు 197 చదరపు కిలోమీటర్లు తప్పుతాయి. సర్వేయర్లు దీన్ని తలకిందులుగా వాడేవారు. త్రిభుజం వైశాల్యాన్ని సుమారుగా సమతలంలా లెక్కగట్టి, దాన్నిబట్టి ఆధిక్యం ఎంత ఉండాలో తేల్చి, కొలిచిన కోణాల మొత్తం దానికి ఎంత దగ్గరగా ఉందో చూసి కొలతల నాణ్యత నిర్ణయించేవారు.

కంప్యూటర్‌లోనూ ఇదే చిక్కు, వేరే రూపంలో. 100 మీటర్ల భుజం ఉన్న చదరపు నేల తీసుకోండి. వ్యాసార్ధంతో పోలిస్తే భుజం ℓ = 1.57 × 10⁻⁵. ఆధిక్యం ℓ², అంటే 2.46 × 10⁻¹⁰ రేడియన్లు. నాలుగు కోణాలూ కలిసి 6.28 దగ్గర ఉంటాయి. వాటి మొత్తంలోంచి 2π తీసేస్తే మిగిలేది ఇంత చిన్న సంఖ్య. ఇప్పుడు నేను పైన రాసిన x సూత్రాన్ని మళ్లీ చూడండి. w·u, (v·w)(v·u) రెండూ ఒకటికి అతి దగ్గరగా ఉంటాయి. వాటి తేడా ℓ² స్థాయిలో ఉంటుంది. డబుల్ ప్రెసిషన్‌లో ఒక్కోదానిలో 10⁻¹⁶ స్థాయి లోపం ఉంటుంది. ఆ లోపాన్ని ℓ²తో భాగిస్తే ఒక్కో కోణంలో 4 × 10⁻⁷ రేడియన్ల దాకా తప్పు. మనకు కావాల్సిన ఆధిక్యం కంటే ఈ తప్పు వెయ్యి రెట్ల స్థాయిలో పెద్దది. జవాబు రుణం కావచ్చు, పది చదరపు కిలోమీటర్లూ కావచ్చు.

మొత్తం మీద సాపేక్ష లోపం 10⁻¹⁶ను ℓ⁴తో భాగించినంత. భుజం పదో వంతు అయితే లోపం పదివేల రెట్లు అవుతుంది. అందుకే 10 కిలోమీటర్ల బహుభుజితో పరీక్షించినవాళ్లకు ఏ తేడా కనిపించదు, అక్కడ లోపం లక్షలో ఒకటి రెండు వంతులే. అదే ప్రోగ్రాం 1 కిలోమీటరు దగ్గర 16 శాతం తప్పగలదు.

దీనికి మందు చిన్నదే. సదిశలను నేరుగా గుణించకుండా ముందు తేడాలు తీసుకోవాలి:

```python
from math import atan2, pi

def dot(a, b):
    return a[0]*b[0] + a[1]*b[1] + a[2]*b[2]

def cross(a, b):
    return (a[1]*b[2] - a[2]*b[1],
            a[2]*b[0] - a[0]*b[2],
            a[0]*b[1] - a[1]*b[0])

def angle(u, v, w):
    a = [w[k] - v[k] for k in range(3)]
    b = [u[k] - v[k] for k in range(3)]
    y = dot(v, cross(a, b))
    x = dot(a, b) - dot(v, a)*dot(v, b)
    return atan2(y, x) % (2*pi)
```

గణితపరంగా ఇది ముందు రాసినదే, ఏమీ మారలేదు. కానీ దగ్గర దగ్గర సంఖ్యల తీసివేత ఇప్పుడు మొట్టమొదట, గుణకారాలకు ముందే జరుగుతోంది. దగ్గరి సంఖ్యల తీసివేతలో కంప్యూటర్ కొత్త లోపం చేర్చదు. సదిశల్లో ముందే ఉన్న లోపం మిగులుతుంది, నిజమే, కానీ అది శీర్షాన్ని ఒక నానోమీటరు కంటే తక్కువ దూరం జరిపినట్టు లెక్క. అన్ని కోణాలూ ఆ జరిగిన శీర్షాలనే చూస్తాయి కాబట్టి అవి ఒకదానితో ఒకటి పొసుగుతాయి. పాత రూపంలో అసలు జబ్బు ఏమిటంటే, ఒక్కో కోణం తన లోపం తాను విడిగా చేసుకునేది.

ఈ మార్పు తర్వాత మిగిలేది చివరి కూడిక లోపం. 6.28 దగ్గర డబుల్ ప్రెసిషన్ సంఖ్యల మధ్య ఎడం 8.9 × 10⁻¹⁶. 100 మీటర్ల చదరానికి అది పది లక్షల్లో నాలుగు వంతుల లోపం, అంటే 10,000 చదరపు మీటర్లలో 0.04. 10 మీటర్ల చదరానికి పదివేలలో నాలుగు వంతులు. 1 మీటరు దగ్గర మళ్లీ నాలుగు శాతం. దాన్ని దాటడానికి కోణాల పద్ధతిలో దారి లేదు, ఎందుకంటే పెద్ద మొత్తంలోంచి పెద్ద మొత్తాన్ని తీసేయడం సూత్రంలోనే ఉంది. ఆ పరిమాణంలో గోళాన్ని మరిచిపోయి, స్థానిక స్పర్శతలం మీదికి శీర్షాలను దించి సమతల సూత్రంతో లెక్కగట్టడమే మంచిది. 10 కిలోమీటర్ల లోపు ఆకారాలకు వక్రతను వదిలేయడం వల్ల వచ్చే తేడా పది లక్షల్లో కొద్ది వంతులే.

సరిచూసుకోవడానికి కోణాలతో పనిలేని ఇంకో సూత్రం దగ్గర పెట్టుకోండి. ఒక భుజానికీ భూమధ్యరేఖకూ మధ్య ఉన్న భాగపు ఆధిక్యం:

```
tan(E/2) = tan(Δλ/2) · (tan(φ1/2) + tan(φ2/2)) / (1 + tan(φ1/2)·tan(φ2/2))
```

φ1, φ2 భుజం రెండు చివరల అక్షాంశాలు, Δλ వాటి రేఖాంశాల తేడా. మన 60 డిగ్రీల వెడల్పు చతుర్భుజంలో పై భుజానికి ఇది వేస్తే: tan 30° = 0.57735, tan 22.5° = 0.41421. భిన్నం విలువ 0.70711, లబ్ధం 0.40825, దాని arctan 22.2077 డిగ్రీలు, రెట్టింపు చేస్తే 44.4153. కోణాలతో వచ్చినదే వచ్చింది. రెండు దారులూ కలవకపోతే బహుభుజి తనను తాను ఖండించుకుంటోందేమో, లేదా ధ్రువాన్ని చుట్టిందేమో చూడండి. మొదటి సందర్భంలో రెండు సూత్రాలూ చెల్లవు. రెండో సందర్భంలో కోణాల సూత్రమే సరైనది, ఈ రెండోదానికి సవరణ కావాలి.

ఇంకొక్క మాట వ్యాసార్ధం గురించి. భూమి గోళం కాదు, ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయిన దీర్ఘవృత్తజం. మొత్తం ఉపరితల వైశాల్యం సరిపోయే వ్యాసార్ధం 6371.007 కి.మీ. దాన్ని వాడినా, మామూలు అక్షాంశాలను నేరుగా పెడితే భూమధ్యరేఖ దగ్గర వైశాల్యం సుమారు 0.45 శాతం ఎక్కువ వస్తుంది, ధ్రువాల దగ్గర 0.9 శాతం తక్కువ. అక్షాంశాలను ముందుగా, వైశాల్యాలు చెడకుండా గోళం మీదికి తెచ్చే సమవైశాల్య అక్షాంశాలుగా మార్చి ఆ తర్వాత కోణాలు లెక్కిస్తే ఈ తేడాలో ఎక్కువ భాగం పోతుంది. అది కూడా చాలని పనికి దీర్ఘవృత్తజం మీదే లెక్కించే పద్ధతులు వేరే ఉన్నాయి, అక్కడ కోణాల మొత్తం ఒక్కటే సరిపోదు.